గడి గడికీ లెక్క: పట్టికలు చదివే టూళ్లను చేతితో టైపు చేసిన నమూనాతో పోల్చినప్పుడు ఏం జరుగుతుంది

పీడీఎఫ్‌లో ఉన్న పట్టికను ఎక్సెల్‌లోకి తెచ్చే కామెలాట్ అనే పైథాన్ లైబ్రరీ ప్రతి పట్టికకూ ఒక చిన్న నివేదిక ఇస్తుంది. ఆ లైబ్రరీతో వచ్చే వివరణ పత్రాల్లో ఉదాహరణగా ఇచ్చిన నివేదిక ఇలా ఉంటుంది:

```
{'accuracy': 99.02, 'whitespace': 12.24, 'order': 1, 'page': 1}
```

ఇందులో మొదటి సంఖ్యను చూసి, పట్టికలోని నూరు గడుల్లో తొంభై తొమ్మిది సరిగా వచ్చాయని అనుకోవడం సహజం. కానీ ఆ సంఖ్య చెప్పేది అది కాదు. పేజీలో ఉన్న అక్షరాలు, కామెలాట్ తనంతట తాను గీసుకున్న గడుల హద్దుల్లో ఎంత చక్కగా ఇమిడాయో మాత్రమే అది చెబుతుంది. గడులే తప్పుగా గీసుకుని ఉంటే, ఆ తప్పు గడుల్లో అక్షరాలు చక్కగా ఇమిడినా నివేదిక 99 అనే చూపించగలదు. అసలు పేజీలో ఏముందో ఆ టూల్‌కు తెలియదు కనుక, తాను తప్పు చేశానని చెప్పగలిగే దారి దానికి లేదు. బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే టెసెరాక్ట్ వంటి ఓసీఆర్ ప్రోగ్రాములు ఒక్కో పదానికి ఇచ్చే విశ్వాసాంకం కూడా ఈ కోవలోదే.

అందువల్ల రెండు టూళ్లలో ఏది మెరుగో తేల్చాలంటే వాటికి బయట నిలిచే ఒక సాక్ష్యం కావాలి. మనిషి పేజీని చూసి, గడి తర్వాత గడి టైపు చేసిన నమూనాయే ఆ సాక్ష్యం. దానితో పోల్చి సరైన గడులను లెక్కపెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఆ లెక్క వేసే పద్ధతిని బట్టి గెలిచిన టూల్ ఓడిపోవచ్చు, ఓడినది గెలవవచ్చు. ఈ వ్యాసంలో పరిశీలించేది ఆ తారుమారునే. ఉదాహరణగా తీసుకున్నది పాత జిల్లా జనగణన పుస్తకాల్లోని గ్రామాలవారీ పట్టికల తరహా. 2011 జనగణన ప్రాథమిక సారాంశం ఎక్సెల్ రూపంలో కూడా దొరుకుతుంది కానీ, అంతకు చాలా ముందటి సంపుటాలు స్కాన్ చేసిన పేజీలుగా మిగిలాయి కాబట్టి ఈ అవసరం అక్కడే ఎక్కువ.

చేతితో టైపు చేసిన నమూనాను ఎందుకు నమ్మవచ్చు, ఎంతవరకు నమ్మవచ్చు

టైపు చేసేవారు కూడా పొరపాటు చేస్తారు. అందుకే గణాంక సంస్థలు చాలాకాలంగా రెండుసార్ల నమోదు అనే పద్ధతి వాడుతున్నాయి. ఒకే పేజీని ఇద్దరు, ఒకరిది ఒకరు చూసుకోకుండా, విడివిడిగా టైపు చేస్తారు. ఇద్దరి ఫైళ్లనూ పోల్చి, తేడా వచ్చిన గడులను మాత్రం మళ్లీ అసలు పేజీ బొమ్మతో సరిచూస్తారు. ఇద్దరూ ఒకే గడిలో ఒకే తప్పు చేసే అవకాశం బాగా తక్కువ కాబట్టి, మిగిలే పొరపాట్లు కొన్ని మాత్రమే. అయితే మసకబారిన 3ను ఇద్దరూ 8 అని చదివే సందర్భం ఉంటుంది. దానికి ఈ పద్ధతిలో మందు లేదు.

ఇక్కడ చాలామంది తెలియక చేసే పని ఒకటుంది. శ్రమ తగ్గుతుందని ఒక టూల్ ఇచ్చిన ఫలితాన్నే తెరిచి, తప్పులు దిద్ది, దానిని నమూనాగా పెట్టుకుంటారు. అప్పుడు దిద్దే కంటికి దొరకని తప్పులన్నీ నమూనాలోకి చేరతాయి. ఆ తప్పులు ఆ టూల్‌వే కనుక దాని ఖాతాలో ఒప్పులుగా పడతాయి, అదే గడిని సరిగా చదివిన రెండో టూల్‌కు మాత్రం తప్పుగా పడుతుంది. ఇలా తయారైన నమూనాతో చేసిన పోలికను పోలిక అనడం కష్టం.

పుస్తకంలోనే అచ్చుతప్పు ఉంటే ఏం చేయాలన్నది మరో చిక్కు. పురుషులు, స్త్రీలు కలిపితే మొత్తం జనాభా రాని వరుసలు పాత సంపుటాల్లో ఎదురు కావచ్చు. నమూనా కొలిచేది టూల్ పేజీని ఎంత నమ్మకంగా చదివిందన్నది కనుక, అచ్చులో ఉన్నది ఉన్నట్టే టైపు చేయడం సరైనది. దిద్దుబాటు తర్వాతి దశకు చెందిన పని. అదే కారణంగా గీత ఉన్న గడిలో గీతను టైపు చేసి, ఖాళీ గడిని ఖాళీగానే ఉంచుతారు. కొన్ని పట్టికల్లో గీతకు సున్నా అని, ఖాళీకి వర్తించదు అని వేర్వేరు అర్థాలుంటాయి.

ఒకే గడి రెండు రూపాలు: పోల్చడానికి ముందు శుభ్రపరచడం

నమూనాలో 1,04,812 అని, టూల్ ఫలితంలో 104812 అని ఉంటే అవి రెండూ ఒకే సంఖ్య. కంప్యూటర్ మాత్రం అక్షరం అక్షరం పోల్చి తప్పు అంటుంది. అందుకే పోలికకు ముందు రెండు వైపులా ఒకే నియమాలతో శుభ్రపరుస్తారు. అదనపు ఖాళీలు తీసేయడం, సంఖ్యల వరుసల్లో కామాలు తొలగించడం వంటివి ఇందులోకి వస్తాయి.

తెలుగు పేర్లున్న పట్టికల్లో ఈ దశకు మరో కారణం ఉంది. ‘పై’ అనే అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి `U+0C48` అనే ఒకే సంకేతం, రెండోది `U+0C46`, `U+0C56` అనే రెండు సంకేతాల జంట. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ పోలికలో వేరు పడతాయి. పైథాన్‌లో `unicodedata.normalize("NFC", s)` రెండింటినీ మొదటి రూపానికి తెస్తుంది. ఈ ఒక్క అడుగు మరిచిపోతే, పేజీని తప్పు లేకుండా చదివిన టూల్ కూడా పేర్ల వరుసలో ఘోరంగా విఫలమైనట్టు కనిపిస్తుంది. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌ల సంగతి వేరు. వాటి లోపల ఉన్నది యూనికోడ్ తెలుగే కాదు కాబట్టి అక్కడ ఈ శుభ్రత ఒక్కటే సరిపోదు, ముందు ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా పేజీని బొమ్మగా మార్చి ఓసీఆర్ చేయాలి.

ఎంతవరకు శుభ్రపరచాలన్నది అభిప్రాయ భేదం ఉన్న విషయం. ఓసీఆర్ ఒక్కోసారి 1,048ను 1.048గా చదువుతుంది. జనాభాలో దశాంశం ఉండదు కాబట్టి చుక్కను కూడా తీసేయవచ్చని, తర్వాత ఎలాగూ తీసేస్తామని కొందరంటారు. ఇక చుక్కనూ కామానూ అన్ని వరుసల్లోనూ తుడిచేస్తే, విస్తీర్ణం వరుసలోని 10.48 కూడా 1048 అవుతుంది. అప్పుడు టూల్ నిజంగా చుక్కను పోగొట్టినా ఆ తప్పు కనబడదు. చివరికి చేతికందే ఫైలు నాణ్యతను కొలవాలనుకునేవారికి మొదటి వాదన సబబే, అయితే ఆ సవరణ ఏ వరుసకు వర్తిస్తుందో విడిగా చెప్పాలి. టూల్ సామర్థ్యాన్నే కొలవాలనుకునేవారు చుక్కను తప్పుగానే లెక్కించాలి. నా దృష్టిలో రెండు లెక్కలూ వేసి పక్కపక్కన పెట్టడం నిజాయితీ.

ఒక్క అదనపు వరుస పోలికను ఎలా తలకిందులు చేస్తుంది

ఇప్పుడు ఒక చిన్న పట్టికను దగ్గరగా చూద్దాం. ఊళ్ల పేర్లు, సంఖ్యలు వివరణ కోసం కల్పించినవి. వరుస సంఖ్య, ఊరి పేరు, ఇళ్లు, మొత్తం జనాభా, పురుషులు, స్త్రీలు అనే ఆరు నిలువు వరుసలున్నాయి. మూడో ఊళ్లో జనావాసం లేదు కనుక దాని నాలుగు గడులు ఖాళీ. చేతితో టైపు చేసిన నమూనా ఇది:

```
1 | పై ఊరు        | 212 | 1,048 | 530 | 518
2 | నడి ఊరు       | 96  | 455   | 231 | 224
3 | చిన్న అగ్రహారం |     |       |     |
4 | కింది ఊరు      | 140 | 687   | 350 | 337
5 | కొత్త ఊరు      | 61  | 303   | 149 | 154
```

మొత్తం 30 గడుల్లో 26 నిండినవి, 4 ఖాళీ. మొదటి టూల్ అంకెలన్నీ సరిగా చదివింది. కానీ మూడో ఊరి పేరు పుస్తకంలో రెండు పంక్తులుగా విరిగి ఉండటంతో దానిని రెండు అడ్డు వరుసలుగా తీసుకుంది:

```
1 | పై ఊరు     | 212 | 1,048 | 530 | 518
2 | నడి ఊరు    | 96  | 455   | 231 | 224
3 | చిన్న       |     |       |     |
  | అగ్రహారం   |     |       |     |
4 | కింది ఊరు   | 140 | 687   | 350 | 337
5 | కొత్త ఊరు   | 61  | 303   | 149 | 154
```

రెండో టూల్ వరుసలను విరగగొట్టలేదు. అయితే 1,048ను 1.048గా, 231ను 281గా చదివింది. మిగిలినవన్నీ సరిగానే ఉన్నాయి.

స్థానాన్ని బట్టి, అంటే నమూనాలో నాలుగో వరుసను ఫలితంలో నాలుగో వరుసతో పోలిస్తే, మొదటి టూల్‌కు తొలి రెండు వరుసల్లో 12 గడులు, మూడో వరుసలో ‘3’ అనే ఒక్క గడి సరిపోతాయి. నాలుగో వరుస ఎదుట ‘అగ్రహారం’ నిలబడింది, ఐదో వరుస ఎదుట నాలుగో ఊరు నిలబడింది కనుక అక్కడ ఒక్క గడీ కలవదు. నిండిన 26 గడుల్లో 13 మాత్రమే సరైనవి, అంటే 50 శాతం. రెండో టూల్‌కు 26లో 24, అంటే 92.3 శాతం. ఈ లెక్క చూసినవారు మొదటి టూల్‌ను పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు వరుసలను ముందుగా జతపరచి చూద్దాం. ఫలితంలో ఏ వరుస నమూనాలో ఏ వరుసను ఎక్కువగా పోలి ఉందో చూసి, పై నుంచి కిందికి క్రమం తప్పకుండా, అవసరమైన చోట ఒక వరుసను జత లేకుండా వదిలేస్తూ జతలు కడతారు. రెండు పేర్ల జాబితాలను పక్కపక్కన పెట్టి, ఒకదానిలో అదనంగా ఉన్న పేరును దాటేసి ముందుకు పోవడం లాంటిదే ఇది. సరిపోయిన నిండు గడులు ఎక్కువయ్యేలా జతలను ఎంచే కోడ్ చాలా చిన్నది:

```python
def jata(T, O):
    n, m = len(T), len(O)
    S = [[0]*(m+1) for _ in range(n+1)]
    for i in range(1, n+1):
        for j in range(1, m+1):
            s = sum(a == b != "" for a, b in zip(T[i-1], O[j-1]))
            S[i][j] = max(S[i-1][j], S[i][j-1], S[i-1][j-1] + s)
    return S[n][m]
```

ఇక్కడ `T` నమూనా, `O` టూల్ ఫలితం. ఈ పద్ధతిలో ‘అగ్రహారం’ వరుసకు జత దొరకదు, నాలుగు, ఐదు వరుసలు తమ సొంత జతలను చేరుకుంటాయి. మొదటి టూల్‌కు 26లో 25 గడులు సరిపోతాయి, అంటే 96.2 శాతం. రెండో టూల్ 92.3 వద్దే ఉంటుంది. టూళ్లు అవే, పేజీ అదే, గెలిచినది మాత్రం మారిపోయింది.

జతపరచడం తప్పును దాచడమే కదా అని అడగవచ్చు. వరుస విరగడం నిజంగా తప్పే. కానీ అది ఒక్క చోట జరిగిన ఒక తప్పు. స్థానాన్ని బట్టి చేసే లెక్క దానిని కింద ఉన్న ప్రతి గడికీ అంటిస్తుంది. అదే విరుపు పేజీ చివరి వరుసలో జరిగితే దాదాపు నష్టం ఉండదు, మొదటి వరుసలో జరిగితే పేజీ మొత్తం పోతుంది. తప్పు తీవ్రత దాని చోటును బట్టి ఇంతగా మారే కొలత టూళ్ల గురించి పెద్దగా ఏమీ చెప్పదు. విరిగిన వరుసను వదిలేయకుండా లెక్కలోకి తెచ్చే దారి వేరే ఉంది.

రెండు వైపుల నుంచి లెక్క, ఖాళీ గడుల చిక్కు

పైన వేసిన 25/26 అనే భిన్నంలో హారం నమూనాది. పేజీలో ఉన్నదాంట్లో టూల్ ఎంత పట్టుకుందో అది చెబుతుంది. దీనిని రీకాల్ అంటారు. హారంగా టూల్ ఇచ్చిన నిండు గడులను తీసుకుంటే, అది ఇచ్చినదాంట్లో ఎంత నిజమో తెలుస్తుంది. దీనిని ప్రెసిషన్ అంటారు. మొదటి టూల్ ఫలితంలో ‘చిన్న’, ‘అగ్రహారం’ వేరు గడులు కావడంతో నిండు గడులు 27, అందులో సరైనవి 25, కాబట్టి ప్రెసిషన్ 92.6 శాతం. రెండో టూల్‌కు రెండు లెక్కలూ 92.3 శాతమే. విరిగిన వరుస ఇక్కడ తన వంతు శిక్ష తాను పొందింది, పక్క వరుసలకు అంటించలేదు.

ఖాళీ గడులను లెక్కలో చేర్చాలా అన్నది దీనికి ఆనుకునే వచ్చే ప్రశ్న. నూరు గడుల్లో డెబ్బై ఖాళీగా ఉన్న పట్టిక ఒకటి ఉందనుకుందాం. అలాంటి పట్టికకు ఒక టూల్ ఏమీ చదవకుండా ఖాళీ గడుల చట్రం ఒక్కటే ఇచ్చినా, ఖాళీలను కూడా లెక్కిస్తే దానికి 70 శాతం వస్తుంది. అందుకే పైన నిండు గడులనే తీసుకున్నాను. ఖాళీగా ఉండాల్సిన చోట టూల్ ఏదైనా రాస్తే అది ప్రెసిషన్‌లో ఎలాగూ తప్పుగా పడుతుంది.

నిలువు వరుసలు కలిసిపోవడం ఇంకా ఖరీదైన తప్పు. గీతలు లేని పట్టికల్లో కామెలాట్ `stream` పద్ధతి అక్షరాల మధ్య ఖాళీని చూసి నిలువు వరుసలను ఊహిస్తుంది. పురుషుల, స్త్రీల సంఖ్యలు దగ్గరగా అచ్చయి ఉంటే 530, 518 రెండూ ఒకే గడిలో చేరిపోవచ్చు, అది పేజీ పొడవునా ప్రతి వరుసలోనూ జరుగుతుంది. గీతలున్న పట్టికలకు అదే లైబ్రరీలోని `lattice` పద్ధతి గీతలనే ఆధారంగా తీసుకుంటుంది కనుక ఈ చిక్కు తక్కువ. నిలువు వరుసలు కలిసిన చోట వాటిని కూడా జతపరచకపోతే, కలిసిన దాని కుడివైపు వరుసలన్నీ ఒక్కో చోటు జరిగి అన్నీ తప్పుగా పడతాయి.

పరిశోధకులు వాడే ఇతర కొలతలు

పత్రాల విశ్లేషణపై జరిగే ఐక్‌డార్ సదస్సు 2013లో నిర్వహించిన పట్టికల పోటీలో గడులను నేరుగా లెక్కించకుండా, పక్కపక్కనున్న గడుల జంటలను లెక్కించారు. పైన ఎంత జరుగుబాటు ఉన్నా పొరుగు గడులు కలిసే ఉంటాయి కనుక జతపరచే సమస్య కొంత తప్పుతుంది. పబ్‌ట్యాబ్‌నెట్ డేటాతో పాటు వచ్చిన టెడ్స్ అనే కొలత పట్టికను హెచ్‌టీఎంఎల్ చెట్టుగా చూసి, ఒక చెట్టును రెండోదానిగా మార్చడానికి ఎన్ని సవరణలు కావాలో లెక్కిస్తుంది. ఆ తర్వాత వచ్చిన గ్రిట్స్ అడ్డు, నిలువు వరుసలను ఒకేసారి జతపరచడానికి ప్రయత్నిస్తుంది, స్వభావంలో అది పైన చూసిన లెక్కకు దగ్గర.

ఇవన్నీ పట్టిక నిర్మాణాన్ని మొత్తంగా కొలిచేవి. వీటిలో కొన్ని, గడిలోని పాఠం కొంత సరిపోతే కొంత మార్కు ఇస్తాయి. ఊరి పేర్లకు అది న్యాయమే, ‘అగ్రహారం’లో ఒక్క అక్షరం పోయినా ఊరేదో తెలుస్తుంది. సంఖ్యలకు మాత్రం నేను ఆ పద్ధతిని ఒప్పుకోను. 231 బదులు 281 అంటే మూడింట రెండు అంకెలు సరైనవే, కానీ ఆ ఊళ్లో యాభై మంది లేని మనుషులు పుట్టుకొచ్చారు. జనాభా పట్టికలకు పూర్తిగా సరిపోవడం, లేదా తప్పు అనే కఠిన లెక్కే తగినది.

పేజీని ప్రమాణంగా తీసుకుంటే తీర్పు ఎంత బలహీనమో తెలుస్తుంది

ఒక్కో పేజీలో 150 గడుల చొప్పున పది పేజీలు టైపు చేస్తే 1,500 గడులు వస్తాయి. ఇంత పెద్ద నమూనాలో మూడు శాతం తేడా వస్తే అది నమ్మదగినదే అనిపిస్తుంది. కానీ తప్పులు గడి గడికీ విడివిడిగా పుట్టవు. ఒక పేజీ వంకరగా స్కాన్ అయితే ఆ పేజీలోని గడులన్నీ కలిసి దెబ్బతింటాయి. అందువల్ల నిజంగా మన దగ్గర ఉన్నవి 1,500 స్వతంత్ర సాక్ష్యాలు కావు, పదే.

మొదటి టూల్ శాతం నుంచి రెండోదాని శాతం తీసేస్తే పది పేజీల్లో తేడాలు ఇలా వచ్చాయనుకుందాం: 1, 2, 0, 1, 1, 2, 1, 0, 2, చివరి పేజీలో మాత్రం −40. సగటు −3, అంటే రెండో టూల్ మూడు శాతం మెరుగు. అయినా ఏడు పేజీల్లో మొదటిదే ముందుంది, రెండింట్లో సమానం, ఒక్క పేజీలో అది కుప్పకూలింది. సగటు మొత్తం ఆ ఒక్క పేజీ మీదే నిలిచింది.

దీని బలాన్ని పరీక్షించడానికి గణాంక శాస్త్రంలో పునర్నమూనా అనే పద్ధతి ఉంది. ఈ పది పేజీల్లోంచే, తీసినది తిరిగి వేస్తూ, పదిసార్లు చీటీ తీసి సగటు కడతారు, ఆ ప్రక్రియను వేలసార్లు తిప్పుతారు. చెడ్డ పేజీ ఒక్కసారి కూడా రాకపోవడానికి అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 0.35. ఆ పేజీ రాకపోతే మొదటి టూల్ గెలుస్తుంది, ఒక్కసారి వచ్చినా మిగిలిన తొమ్మిదీ కలిపి గరిష్ఠంగా 18 మించవు కనుక రెండోదే గెలుస్తుంది. నూటికి ముప్పై అయిదు సార్లు తారుమారయ్యే తీర్పును తీర్పు అనలేం.

ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు సగటును పట్టుకు కూర్చోవడం కంటే ఆ పదో పేజీని తెరిచి చూడటం ఎక్కువ ఉపయోగం. అది అడ్డంగా తిప్పి అచ్చువేసిన పేజీ అయితే, పుస్తకంలో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ తరహా పేజీలను విడిగా ఇంకొన్ని టైపు చేయిస్తారు. ఆపై రెండు తరహాలకూ వేరువేరు శాతాలు చూపుతారు. నిలువు పేజీలకు ఒక టూల్, అడ్డ పేజీలకు మరొకటి వాడటం కూడా అప్పుడు సాధ్యమవుతుంది. మరో సంగతి కూడా గమనించాలి: స్కాన్ పీడీఎఫ్‌లలో చాలావాటికి లోపల కనిపించని ఓసీఆర్ పాఠం ముందే ఉంటుంది. ఒక టూల్ ఆ పాఠాన్ని వాడుకుని, రెండోది సొంతంగా ఓసీఆర్ చేస్తే, పోలుస్తున్నది పట్టిక చదివే తీరునా, ఓసీఆర్‌నా అన్నది తేలదు.

శాతం చెప్పని సంగతి

రెండో టూల్ చేసిన రెండు తప్పులూ నమూనా లేకపోయినా పట్టుబడేవే. 281కి 224 కలిపితే 505, పక్కనే ఉన్న మొత్తం 455. జనాభా వరుసలో 1.048 అనే దశాంశం తనను తానే బయటపెట్టుకుంటుంది. మొదటి టూల్ వేసిన అదనపు వరుసలో వరుస సంఖ్య లేదు. కాబట్టి తప్పుల సంఖ్యతో పాటు, వాటిలో కూడికల పరీక్షకు దొరికేవెన్ని, దొరకనివెన్ని అని విడదీసి చూపే పోలిక ఎక్కువ చెబుతుంది. శీర్షికలు తారుమారై, ఒక పేజీలో పురుషుల వరుస, స్త్రీల వరుస చోట్లు మార్చుకున్నాయనుకోండి. 224, 231 కలిపినా 455 వస్తుంది, వరుస సంఖ్యలు సరిగానే ఉంటాయి, దశాంశాలు లేవు, కామెలాట్ నివేదికలో `accuracy` కూడా తగ్గదు. అలాంటి తప్పు చేతితో టైపు చేసిన పేజీ పక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది, అదీ ఆ పేజీ నమూనాలో ఉంటేనే.